బైనాక్యులర్‌కి ఆ భుజాలెందుకు?

బైనాక్యులర్ బొమ్మ గీయమంటే మనలో చాలామంది రెండు గొట్టాలు పక్కపక్కన గీసి ఊరుకుంటాం. పాతకాలం బైనాక్యులర్‌ని చేతిలోకి తీసుకుంటే అలా ఉండదు. కళ్ళు పెట్టే చోట గొట్టాలు దగ్గరగా ఉంటాయి, ముందున్న పెద్ద లెన్సులు దూరంగా జరిగి ఉంటాయి. మధ్యలో పహిల్వాన్ భుజాల్లా రెండు గుబ్బలు. ఆ భుజాల్లో, ఒక్కో వైపు రెండేసి చొప్పున, నాలుగు గాజు ముక్కలు కూర్చుని ఉంటాయి. వాటినే పోరో ప్రిజమ్‌లు అంటారు. తెలుగు మీడియం వాళ్ళకి ప్రిజం అంటే పట్టకం.

మా రూమ్మేట్ దగ్గర వాళ్ళ నాన్నగారి 10×50 బైనాక్యులర్ ఒకటుంది. ఈ వ్యాసంలో లెక్కలన్నీ అలాంటి దాని మీదే వేస్తాను. 10 అంటే పది రెట్లు పెద్దగా చూపిస్తుందని, 50 అంటే ముందు లెన్సు వ్యాసం 50 మిల్లీమీటర్లని. ముందు లెన్సు నాభ్యంతరం 200 మి.మీ., కంటి దగ్గర లెన్సుది 20 మి.మీ. అనుకుందాం. 200ని 20తో భాగిస్తే పది రెట్లు వచ్చేసింది.

ముందు ఆ గాజు ముక్కలు లేకపోతే ఏమవుతుందో చూడాలి. కుంభాకార కటకం దూరంలో ఉన్న వస్తువుకి నిజ ప్రతిబింబం ఏర్పరుస్తుంది, అది తలకిందులుగా ఉంటుంది. ఇది పదో తరగతి పాఠమే. కంటి దగ్గరున్న లెన్సు ఆ ప్రతిబింబాన్ని భూతద్దంలా పెద్దది చేసి చూపిస్తుందే తప్ప తిరగేయదు. 1611లో కెప్లర్ వివరించిన రెండు కుంభాకార కటకాల టెలిస్కోప్ ఇదే. చంద్రుణ్ణి చూసేవాడికి దీనితో పేచీ లేదు. చంద్రుడు తలకిందులైనా చంద్రుడే. చెట్టు మీద పిట్టని చూసేవాడికి మాత్రం ప్రాణం మీదకొస్తుంది. పిట్ట పైకెగిరితే కిందకి దిగినట్టు, కుడికెళ్తే ఎడమకెళ్ళినట్టు కనబడుతుంది.

ఇక్కడ ఒక విషయం దగ్గర కాస్త ఆగాలి. మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది. తలకిందులవడం, కుడి ఎడమలు మారడం అనేవి రెండు వేరే జబ్బుల్లా అనిపిస్తాయి కానీ, రెండూ కలిసి వచ్చినప్పుడు అది ఒకటే చర్య: బొమ్మని 180 డిగ్రీలు తిప్పడం. ఒక కాగితం మీద ‘కల’ అని రాసి, టేబుల్ మీదే సగం చుట్టు తిప్పండి. ఇప్పుడు ఎడమవైపు ‘ల’, కుడివైపు ‘క’, రెండూ తలకిందులుగా ఉంటాయి. కెప్లర్ టెలిస్కోప్‌లో కనబడేది సరిగ్గా అదే. కాగితాన్ని మళ్ళీ సగం చుట్టు తిప్పితే ‘కల’ తిరిగొచ్చేస్తుంది. అదే కాగితాన్ని అద్దంలో చూస్తే మాత్రం కథ వేరు. అద్దంలో తిరగబడిన ‘క’ని ఎంత తిప్పినా మామూలు ‘క’ కాదు, ఎడమచేతి చెప్పు కుడికాలికి పట్టనట్టే. (చెప్పుకి చేతి పేరు పెట్టినందుకు క్షమించాలి, మా ఊళ్ళో అలాగే అంటారు.)

అంటే మనకి కావలసింది, గొట్టంలోంచి వెళ్తున్న వెలుగుని సగం చుట్టు తిప్పే ఒక ఉపాయం. అద్దం ఒకటి పెడితే ‘క’ పాడవుతుంది, కాబట్టి అద్దాల సంఖ్య సరిసంఖ్య అయి తీరాలి. మధ్యలో ఇంకో లెన్సు పెట్టి తిప్పొచ్చు, పాత ఓడల కెప్టెన్ల దుర్భిణుల్లో అదే చేశారు. కానీ అలా చేస్తే గొట్టం బారెడు పొడుగవుతుంది. 1854లో ఇటలీకి చెందిన ఇగ్నాజియో పోరో పేటెంట్ తీసుకున్న దారి వేరు. ఆయన గాజు ముక్కలతో తిప్పాడు.

పోరో ప్రిజం అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. జామెట్రీ బాక్సులో 45, 45, 90 డిగ్రీల మూలమట్టం ఉంటుంది కదా, దాన్ని దళసరి గాజుతో చేసినట్టు ఊహించుకోండి. వెలుగు కర్ణం వైపు నుంచి తిన్నగా లోపలికి వస్తుంది. ఒక పొట్టి భుజానికి తగిలి తొంభై డిగ్రీలు మళ్ళుతుంది, రెండో పొట్టి భుజానికి తగిలి ఇంకో తొంభై మళ్ళుతుంది, తిరిగి కర్ణం గుండానే వచ్చిన దిక్కుకి వెళ్ళిపోతుంది. కర్ణం పై సగంలో లోపలికెళ్ళిన కిరణం కింది సగంలోంచి బయటికొస్తుంది.

దీన్ని హాస్టల్ గదిలోనే చూడొచ్చు. రెండు చిన్న అద్దాలు తెచ్చి, తెరిచిన పుస్తకంలా సరిగ్గా లంబకోణంలో టేపుతో అతికించండి. పుస్తకం వీపు నిలువుగా ఉండేలా పట్టుకుని మధ్యలోకి చూడండి. మీరు కుడిచెయ్యి ఎత్తితే మామూలు అద్దంలోలా అదే వైపు చెయ్యి లేవదు, అవతలి వైపు చెయ్యి లేస్తుంది. మీ టీషర్టు మీద అక్షరాలు చక్కగా చదవడానికి వస్తాయి. ఇప్పుడు ఆ జతని మెల్లగా గడియారం ముల్లులా తిప్పుతూ వీపు అడ్డంగా వచ్చేలా తీసుకురండి. అద్దాలు తిరిగింది 90 డిగ్రీలే, మీ ముఖం మాత్రం 180 డిగ్రీలు తిరిగి తలకిందులై కూర్చుంటుంది. అయినా టీషర్టు మీద ఉన్నవి అసలైన అక్షరాలే, తలకిందులయ్యాయంతే. అద్దాల జత ఎంత తిరిగితే బొమ్మ దానికి రెట్టింపు తిరుగుతుందన్న సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పని పడుతుంది.

దీన్నే నిరూపకాల్లో రాస్తే ఇంకా తేలిక. అడ్డంగా కుడివైపు x, పైకి y, వెలుగు వెళ్ళే దిక్కు z అనుకుందాం. రెండు పొట్టి భుజాలు కలిసే అంచు అడ్డంగా ఉన్న ప్రిజం వెలుగుని ఇలా మారుస్తుంది:

(x, y, z) → (x, −y, −z)

పై కిందులు మారాయి, వెలుగు వెనక్కి తిరిగింది, కుడి ఎడమలు మాత్రం చెక్కు చెదరలేదు. ఒక్క ప్రిజం వల్ల వచ్చే చిక్కంతా ఇదే. సగం పని చేస్తుంది, పైగా వెలుగుని వచ్చిన దారినే పంపించేస్తుంది. అందుకని రెండో ప్రిజాన్ని మొదటిదానికి ఎదురుగా, దాని అంచు నిలువుగా ఉండేలా పెడతారు. అది చేసేది:

(x, y, z) → (−x, y, −z)

రెండూ ఒకదాని తర్వాత ఒకటి చేస్తే (−x, −y, z). పై కిందులూ మారాయి, కుడి ఎడమలూ మారాయి, వెలుగు మళ్ళీ ముందుకే నడిచింది. లెన్సు తిప్పిన సగం చుట్టుకి ఇది సరిగ్గా విరుగుడు. మొత్తం నాలుగు పరావర్తనాలు, సరిసంఖ్య, కాబట్టి ‘క’ క్షేమం.

భుజాల రహస్యం కూడా ఇక్కడే తేలిపోయింది. కర్ణం ఒక సగంలో దూరిన వెలుగు రెండో సగంలోంచి వస్తుంది కాబట్టి, ప్రతి ప్రిజమూ దారిని కొంచెం పక్కకి జరుపుతుంది. ఒకటి నిలువుగా జరిపితే ఇంకోటి అడ్డంగా జరుపుతుంది. అందుకే ముందు లెన్సూ కంటి లెన్సూ ఒకే గీత మీద ఉండవు. వెలుగు ముందుకి, వెనక్కి, మళ్ళీ ముందుకి నడవడం వల్ల పొడవాటి దారి మడతపడి గొట్టం పొట్టిదవుతుంది. ముందు లెన్సులు మన కళ్ళ మధ్య దూరం కంటే ఎక్కువ ఎడంగా ఉండటంతో ఏది దగ్గర ఏది దూరం అన్నది కూడా బాగా తెలుస్తుంది. పోరో ఊహ పుట్టిన నలభై ఏళ్ళకి, 1894లో, ఎర్నెస్ట్ అబ్బే రూపకల్పనతో జర్మనీలోని జైస్ కంపెనీ ఇలాంటి బైనాక్యులర్లని అమ్మడం మొదలుపెట్టింది. అప్పటికి అదే యేనా ఊళ్ళో ఒట్టో షాట్ మంచి ఆప్టికల్ గాజు తయారుచేస్తున్నాడు. వెలుగు కొన్ని సెంటీమీటర్ల గాజులోంచి నడవాలంటే ఆ గాజు ఎంత శుభ్రంగా ఉండాలో ఊహించుకోవచ్చు.

ఇక ఆ పొట్టి భుజాల వెనక అద్దంలాంటి పూత ఏమీ ఉండదన్నది రెండో విశేషం. ఉత్త గాజు, దాని వెనక ఉత్త గాలి. అల్యూమినియం పూత వేస్తే ఒక్కో దెబ్బకి దాదాపు 90 శాతం వెలుగు మిగులుతుంది. నాలుగు దెబ్బలకి 0.9ని నాలుగుసార్లు గుణిస్తే 66 శాతం దగ్గర ఆగుతుంది. మూడో వంతు వెలుగు గోవిందా. సంపూర్ణాంతర పరావర్తనంలో ఆ నష్టం ఉండదు, గాజులోంచి గాలిలోకి వెళ్ళబోయిన వెలుగంతా వెనక్కి వస్తుంది. షరతు ఒక్కటే, పతన కోణం సందిగ్ధ కోణం కంటే ఎక్కువ ఉండాలి. సందిగ్ధ కోణానికి సూత్రం మనందరికీ తెలిసిందే:

sin C = 1/n

చవక బైనాక్యులర్లలో వాడే బీకే-7 అనే గాజుకి n విలువ 1.517, కాబట్టి C 41.25 డిగ్రీలు. వెలుగు భుజానికి 45 డిగ్రీల్లో తగులుతుంది. 45 అంటే 41.25 కంటే ఎక్కువే కదా, సరిపోయింది అనేస్తాం. ఎంసెట్ ప్రశ్నయితే ఇక్కడితో మార్కులు పడిపోతాయి.

నిజం బైనాక్యులర్‌లో అలా కుదరదు. ఎందుకంటే 45 డిగ్రీల్లో తగిలేది లెన్సు నడిమధ్య నుంచి వచ్చిన కిరణం మాత్రమే. 50 మి.మీ. లెన్సు నుంచి వెలుగు ఒక శంకువులా మూసుకుంటూ వస్తుంది. లెన్సు అంచున బయలుదేరిన కిరణం మధ్య గీత నుంచి 25 మి.మీ. దూరంలో మొదలై 200 మి.మీ. పోయేసరికి మధ్యకి చేరాలి. అంటే దాని వాలు 25/200, కోణం 7.1 డిగ్రీలు. గాజులోకి దిగాక అది 4.7 డిగ్రీలకి తగ్గుతుంది. ఒక అంచు కిరణం మొదటి భుజానికి 45 నుంచి 4.7 తీసేస్తే వచ్చే 40.3 డిగ్రీల్లో తగులుతుంది. సందిగ్ధ కోణం 41.25. తక్కువైపోయింది! దాంతో ఆ కిరణంలో చాలా భాగం గాజు దాటి బయటికి కారిపోతుంది, కొంచెమే వెనక్కి మళ్ళుతుంది.

ఎదుటి అంచు కిరణం మొదటి భుజం దగ్గర 49.7లో తగిలి తప్పించుకుంటుంది. కానీ లంబకోణ ప్రిజంలో రెండు భుజాల దగ్గరి పతన కోణాలు కలిపితే 90 రావాలి. కాబట్టి అది రెండో భుజం దగ్గరకొచ్చేసరికి 40.3లో దొరికిపోతుంది. ఇలా మొదటి ప్రిజం శంకువుకి పైనా కిందా ఒక్కో చెక్క కోస్తుంది. అడ్డం తిరిగి ఉన్న రెండో ప్రిజం కుడివైపూ ఎడమవైపూ కోస్తుంది. గుండ్రంగా వచ్చిన వెలుగు నాలుగు పక్కలా చెక్కేసిన చపాతీలా తయారవుతుంది.

ఎక్కడ దాకా కోస్తుందో కూడా లెక్క తేలుతుంది. గాజులో 45 కి, 41.25 కి మధ్య తేడా 3.75 డిగ్రీలు. బయట గాల్లో అది 5.7 డిగ్రీలు. 200 మి.మీ. దూరానికి ఆ వాలు లెన్సు మీద 20 మి.మీ. వ్యాసార్థం దగ్గర పడుతుంది. అంటే 25 మి.మీ. వ్యాసార్థంలో చివరి 5 మి.మీ. నాలుగు వైపులా మసకబారుతుంది. అదే బాక్-4 అనే గాజుకి n 1.569, సందిగ్ధ కోణం 39.6 డిగ్రీలు. అందులో మన అంచు కిరణం 40.5లో తగులుతుంది, దాటిపోయింది! ఒక్క డిగ్రీ తేడాతో వెలుగంతా దక్కింది. బైనాక్యులర్ పెట్టెల మీద బాక్-4 అని గొప్పగా అచ్చేసుకునేది ఇందుకే. ఈ లెక్క చూపు మధ్యలో ఉన్న వస్తువుకే సరిపోతుందని గుర్తుంచుకోవాలి. పక్కనున్న వస్తువుల కిరణాలు ముందే వాలుగా వస్తాయి కాబట్టి వాటికి కోత కొంచెం అటూ ఇటూ జరుగుతుంది.

పెట్టె మీద ఏం రాసుందో చదవక్కర్లేదు, గాజే చెప్పేస్తుంది. బైనాక్యులర్‌ని చాచిన చేతిలో పట్టుకుని తెల్లటి ఆకాశం వైపు పెట్టి (సూర్యుడి వైపు మాత్రం వద్దు, కళ్ళు పోతాయి) కంటి లెన్సులోకి దూరం నుంచే చూడండి. చిన్న వెలుగు బిళ్ళ కనబడుతుంది. 50ని 10తో భాగిస్తే వచ్చే 5 మి.మీ. వ్యాసం దానిది. బిళ్ళ అంచుదాకా ఒకే తెలుపుతో గుండ్రంగా ఉంటే ప్రిజం మంచి గాజు. మధ్యలో దాదాపు 4 మి.మీ. చతురస్రం తెల్లగా ఉండి, నాలుగు పక్కలా బూడిదరంగు చెక్కలు కనబడితే బీకే-7. మా రూమ్మేట్ బైనాక్యులర్‌లో ఈ చతురస్రం గీసినట్టుగా కనబడింది.

అయితే దానికి వాడేం బాధపడక్కర్లేదని నా అభిప్రాయం. ఎందుకంటే పగటి వెలుగులో మన కంటిపాప తెరుచుకునేదే రెండు మూడు మిల్లీమీటర్లు. ఆ బిళ్ళలో మధ్య భాగమే కంట్లోకి వెళ్తుంది, చెక్కిన అంచులు కనుపాప మీద పడి వృథా అవుతాయి. క్రికెట్ మ్యాచ్ చూసేవాడు మంచి గాజుకని ఎక్కువ డబ్బు పోస్తే ఆ డబ్బు అక్షరాలా కంటి బయటే పడుతుంది. రాత్రి మేడ మీద పడుకుని నక్షత్రాలు చూసేవాడి సంగతి వేరు. చీకట్లో కుర్రవాళ్ళ కంటిపాప ఐదు మిల్లీమీటర్లు దాటి తెరుచుకుంటుంది, అప్పుడు ఆ బూడిదరంగు చెక్కలు నిజంగా నష్టమే.

పూత లేకపోవడంలో ఒక ప్రమాదం కూడా ఉంది. ఈ పరావర్తనమంతా గాజు వెనక గాలి ఉండటం మీదే ఆధారపడింది. ఒక గాజు గ్లాసులో నీళ్ళు పోసి, పైనుంచి నీళ్ళలోకి, గ్లాసు పక్కగోడ వైపు చూడండి. గోడ వెండిలా మెరుస్తుంది, వెనకున్న మీ వేళ్ళు కనబడవు. ఇప్పుడు తడివేలితో గ్లాసుని బయటినుంచి గట్టిగా నొక్కండి. వేలిముద్ర గీతలు తగిలిన చోట మాత్రమే వెండి చెదిరి గీతలు కనబడతాయి. ప్రిజం భుజం మీద వేలిముద్ర పడినా, వర్షాకాలంలో తేమ చేరి నీటిపొర పట్టినా జరిగేది అదే. నీటి n విలువ 1.33. గాజు వెనక గాలి బదులు నీళ్ళుంటే సందిగ్ధ కోణం 41 నుంచి 61 డిగ్రీలకి ఎక్కేస్తుంది. 45లో తగిలే వెలుగు ఇక మళ్ళదు, నీళ్ళలోకి వెళ్ళిపోతుంది. కోస్తా ఊళ్ళలో ఏళ్ళ తరబడి బీరువాలో మూల పడేసిన బైనాక్యులర్లలో బూజు పట్టి చూపు పాలిపోవడానికి ఇదీ ఒక కారణం. బూజు దారికి అడ్డంరావడమే కాదు, అది అంటుకున్న చోట గాజు అద్దంలా పనిచెయ్యడం మానేస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే జబ్బు మాత్రం కిందపడటం. ప్రిజమ్‌ని చిన్న లోహపు పట్టీతో నొక్కి పెడతారు. దెబ్బ తగిలితే అది రెండు రకాలుగా కదలొచ్చు. పక్కకి 0.1 మి.మీ. జరిగిందనుకోండి. వెలుగు దారి దానికి రెట్టింపు, 0.2 మి.మీ. జరుగుతుంది. 20 మి.మీ. కంటి లెన్సులోంచి చూస్తే ఆ కాస్త జరుగుడే అర డిగ్రీ పైన తేడా అవుతుంది, ఇంచుమించు ఆకాశంలో పున్నమి చంద్రుడంత. ఆ తేడా రెండు బొమ్మల మధ్య అడ్డంగా ఉంటే కళ్ళు లోపలికి తిప్పుకుని సర్దుకోగలవు. ఒక బొమ్మ పైకి ఒకటి కిందకి ఉంటే సర్దుకోవడం కష్టం, ఒక కన్ను పైకీ ఒకటి కిందకీ తిప్పడం మనకి చేతకాదు కదా. పది నిమిషాల్లో తలనొప్పి పట్టుకుంటుంది. చాలామంది ‘నా కళ్ళకి బైనాక్యులర్ పడదు’ అనుకుని పక్కన పెట్టేస్తారు.

రెండోది, ప్రిజం ఉన్నచోటే కాస్త మెలి తిరగడం. రెండు ప్రిజమ్‌ల అంచుల మధ్య కోణం సరిగ్గా 90 ఉన్నప్పుడే బొమ్మ 180 తిరుగుతుంది. అది 91 అయితే బొమ్మ 182 తిరుగుతుంది. టేపు అద్దాల్లో చూసిన రెట్టింపు ఇదే. అంటే ఒక గొట్టంలో స్తంభం నిటారుగా, రెండో గొట్టంలో అదే స్తంభం రెండు డిగ్రీలు వాలి కనబడుతుంది.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేముందు ఈ రెండింటినీ అర నిమిషంలో పట్టేయొచ్చు. దూరంగా ఉన్న ఏదో మేడ పిట్టగోడ వైపు బైనాక్యులర్ పెట్టి, కళ్ళకి ఆనించకుండా ఒక జానెడు వెనక్కి పట్టుకోండి. రెండు చిన్న గుండ్రాల్లో ఒకే పిట్టగోడ గీత కనబడుతుంది. రెండు గుండ్రాల్లోనూ గీత ఒకే ఎత్తులో, ఒకే వాలులో ఉండాలి. ఎడమ గుండ్రంలో ఒక మెట్టు పైకి, కుడి గుండ్రంలో కిందకి ఉంటే ప్రిజం పక్కకి జరిగింది లేదా వంగింది. ఒకదాంట్లో అడ్డంగా, ఇంకోదాంట్లో ఏటవాలుగా ఉంటే ప్రిజం మెలి తిరిగింది. ఈ రెండో రకం కనబడితే బేరం ఆడకుండా వదిలేయడమే మంచిది. పైకీ కిందకీ తేడాని చాలా మోడళ్ళలో ప్రిజం దగ్గరుండే చిన్న మరలతో సర్దొచ్చు. వాలిన బొమ్మని నిలబెట్టాలంటే మాత్రం భుజం మూత విప్పి, ఆ గాజు ముక్కని వేలు తగలకుండా, ఒక డిగ్రీలో చిన్న భాగం దాకా తిప్పగలిగిన చెయ్యి కావాలి.